వాపసు వచ్చే విత్తనాలకు పద్దు ఎలా?
బిల్లు వేసినంత మాత్రాన అమ్మకం కాదు.. కంపెనీ లెక్కల్లో ‘వాపసు బాధ్యత’, ‘వాపసు సరకు ఆస్తి’ తీరు ఇదీ

వరంగల్: తొలకరి జల్లులు పడకముందే పత్తి విత్తనాల ప్యాకెట్లు మండల కేంద్రాల్లోని దుకాణాలకు చేరిపోతాయి. వానలు సకాలంలో కురిస్తే పది రోజుల్లో సరకు ఖాళీ అవుతుంది. అదను తప్పితే రైతు మరో పంటకు మళ్లుతాడు. డీలరు వద్ద ప్యాకెట్లు అట్టపెట్టెల్లోనే ఉండిపోతాయి. సీజను ముగిశాక వాటిని కంపెనీ వెనక్కి తీసుకుని, సొమ్మును డీలరు ఖాతాలో జమ వేయడం విత్తన వ్యాపారంలో ఏళ్లుగా ఉన్న ఆనవాయితీ. ఈ హామీ లేకపోతే వాన రాకకు ముందే అంత సరకు దించుకునే ధైర్యం డీలర్లకు ఉండదు.

చిక్కంతా లెక్కల దగ్గరే వస్తోంది. మే నెలలో సరకు వెళ్లింది. జూన్ 30తో త్రైమాసికం ముగిసింది. స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ ఆ ఫలితాలను 45 రోజుల్లోగా ప్రకటించాలి. ఏయే ప్యాకెట్లు తిరిగి వస్తాయో జూన్ 30 నాటికి ఎవరికీ తెలియదు. మరి ఆ రోజున అమ్మకం ఎంత అని చూపాలి? బిల్లులో ఉన్నంతా చూపితే రేపు వాపసు ఇవ్వాల్సిన సొమ్ముకు కూడా లాభం కట్టినట్లవుతుంది. వాటాదారులు, బ్యాంకులు ఆ లాభాన్ని నమ్మే నిర్ణయాలు తీసుకుంటారు.

ఈ చిక్కుకు 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ‘ఇండ్ ఏఎస్ 115’ అనే అకౌంటింగ్ ప్రమాణం పరిష్కారం చూపింది. నమోదిత కంపెనీలు, రూ.250 కోట్లు అంతకు మించి నికర విలువ ఉన్న కంపెనీలు దీన్ని పాటించాలి. తిరిగి రాదని గట్టిగా చెప్పగలిగిన సరకుకే అమ్మకం చూపాలన్నది దాని సారాంశం. మిగిలిన సొమ్ము కంపెనీ ఆదాయం కాదు, డీలరుకు తీర్చాల్సిన బాకీ. దానినే రిఫండ్ లయబిలిటీ, అంటే వాపసు బాధ్యత అంటారు. తిరిగి రాబోయే ప్యాకెట్లు డీలరు గోదాములో ఉన్నా, వాటిని తెచ్చుకునే హక్కు కంపెనీది. ఆ హక్కును ఆస్తిగా రాసుకోవాలి. ఇది వాపసు సరకు ఆస్తి.

పది వేల ప్యాకెట్ల లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. లెక్క తేలికగా అర్థం కావడానికి ఊహించిన అంకెలివి. కంపెనీ మే నెలలో డీలర్లకు 10,000 ప్యాకెట్లు పంపింది. డీలరు ధర ప్యాకెట్టుకు రూ.800, కంపెనీకి పడిన ఖర్చు రూ.500. బిల్లుల మొత్తం రూ.80 లక్షలు, సరకు ఖరీదు రూ.50 లక్షలు. గత అనుభవాన్ని బట్టి 1,500 ప్యాకెట్లు తిరిగి వస్తాయని కంపెనీ అంచనా వేసింది.

మొదటి చిట్టా పద్దులో డీలర్ల ఖాతాను రూ.80 లక్షలకు డెబిట్ చేయాలి. క్రెడిట్ మాత్రం రెండుగా చీలుతుంది. తిరిగి రాని 8,500 ప్యాకెట్లకు రూ.68 లక్షలు అమ్మకాల ఖాతాకు, 1,500 ప్యాకెట్లకు రూ.12 లక్షలు వాపసు బాధ్యత ఖాతాకు వెళ్తాయి. డీలరు ముందే సొమ్ము కట్టి ఉంటే డెబిట్ బ్యాంకు ఖాతాకు పడుతుంది. క్రెడిట్ వైపు ఏ మార్పూ ఉండదు.

రెండో పద్దు సరకుకు సంబంధించినది. పొరపాట్లు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. 1,500 ప్యాకెట్ల ఖరీదు రూ.7.50 లక్షలు కదా అని అంతా ఆస్తిగా రాసేయకూడదు. వాటిని వెనక్కి తేవడానికి లారీ కిరాయి, హమాలీ ఖర్చు ఉంటాయి. ప్యాకెట్టుకు రూ.20 చొప్పున అది రూ.30 వేలు. వచ్చినవన్నీ మళ్లీ అమ్ముడుపోయేవీ కావు. హైబ్రిడ్ పత్తి విత్తనానికి కనీసం 75 శాతం మొలక ఉండాలి. రేకుల కప్పు కింద ఎండాకాలం వేడిని, ఆపై వానాకాలం చెమ్మను తట్టుకున్న ప్యాకెట్లలో కొన్ని పరీక్షలో తప్పుతాయి. మామూలు పత్తి గింజలైతే నూనె మిల్లుకు తోలవచ్చు. మందు పట్టించిన విత్తనానికి ఆ దారీ లేదు, పారబోయాల్సిందే. అయిదింటిలో ఒకటి చొప్పున 300 ప్యాకెట్లు పనికిరావనుకుంటే మరో రూ.1.50 లక్షలు నష్టం. ఈ రెండూ పోగా వాపసు సరకు ఆస్తి రూ.5.70 లక్షలు.

నిల్వ సరకు ఖాతాను రూ.50 లక్షలకు క్రెడిట్ చేసి, రూ.5.70 లక్షలు వాపసు సరకు ఆస్తికి, మిగిలిన రూ.44.30 లక్షలు అమ్మిన సరకు ఖరీదుకు డెబిట్ చేయాలి. దీంతో జూన్ 30 నాటి స్థూల లాభం రూ.23.70 లక్షలుగా తేలుతుంది. బిల్లులనే నమ్ముకుని ఉంటే రూ.30 లక్షలు కనిపించేది. తేడా రూ.6.30 లక్షలు. చేతికి రాని లాభం అదే.

బాధ్యత రూ.12 లక్షలు, ఆస్తి రూ.5.70 లక్షలు కనుక ఒకదానిలో మరొకటి తీసేసి నికరం చూపుతామంటే నిబంధన ఒప్పుకోదు. ఆస్తి అప్పుల పట్టికలో రెండింటినీ వేర్వేరుగా చూపాలి. బాధ్యత అమ్మకపు ధరపైన, ఆస్తి కొన్న లేదా తయారుచేసిన ఖరీదుపైన లెక్కించినవి. రెండూ కలిపేస్తే డీలర్లకు ఎంత తిరిగి ఇవ్వాలో చదివేవారికి తెలియకుండా పోతుంది. కంపెనీ గోదాములో ఉన్న నిల్వలోనూ ఈ ఆస్తిని కలపరాదు.

సరకు వచ్చాక

ఆగస్టులో ప్యాకెట్లు తిరిగి వచ్చాయి. అనుకున్నట్లే 1,500 వస్తే పద్దు సులువు. క్రెడిట్ నోటు ఇచ్చి వాపసు బాధ్యతను రూ.12 లక్షలకు డెబిట్, డీలర్ల ఖాతాను క్రెడిట్ చేస్తారు. అమ్మకాల ఖాతాను ముట్టుకునే పనే లేదు, ఆ సొమ్ము అందులోకి ఎన్నడూ వెళ్లలేదు. ఆస్తి ఖాతాలోని రూ.5.70 లక్షలకు రవాణా కింద చెల్లించిన రూ.30 వేలు కలిపితే రూ.6 లక్షలు. పరీక్షలో నెగ్గిన 1,200 ప్యాకెట్లు రూ.500 చొప్పున నిల్వలోకి తిరిగి చేరేదీ సరిగ్గా అంతే. విత్తనోపయోగానికి పనికివచ్చే సరకుపై జీఎస్టీ లేదు కనుక ఈ క్రెడిట్ నోటులో పన్ను గొడవ కూడా ఉండదు. పన్ను ఉన్న పురుగుమందుల డబ్బాలు వాపసు వస్తే పన్ను మొత్తాన్ని విడిగా చూసుకోవాలి.

1,800 వచ్చాయనుకుందాం. అదనపు 300 ప్యాకెట్లకు రూ.2.40 లక్షలను ఆ త్రైమాసికపు అమ్మకాల నుంచి తగ్గించాలి. సరకు పరిస్థితి అలాగే ఉంటే ప్యాకెట్టుకు రూ.380 చొప్పున రూ.1.14 లక్షలు అమ్మిన సరకు ఖరీదు నుంచి ఆస్తిలోకి మారుతుంది. లాభంపై పడే దెబ్బ రూ.1.26 లక్షలు. 1,200 మాత్రమే వస్తే ఇదంతా తిరగబడి, గడువు ముగిశాక అంతే మొత్తం లాభంలో కలుస్తుంది. సరకు వచ్చేదాకా ఆగడం కూడా కుదరదు. లెక్కలు ముగించే ప్రతి తేదీనా అంచనాను మళ్లీ చూడాలి. జూలైలో వానలు ముఖం చాటేస్తే ఆ సంగతి సెప్టెంబరు 30 నాటి బాధ్యతలో కనపడాలి.

అంచనా దేన్ని బట్టి?

అయిదేళ్ల వాపసు శాతాలు వరసగా 12, 14, 11, 26, 13 అనుకుంటే సగటు 15.2. ఆ 26 శాతం కరవు ఏడాదిది. ‘అలాంటి ఏడాది మళ్లీ రాదులే’ అని దాన్ని తీసేసి 12.5 శాతం వేసుకోవడం లాభానికి అనుకూలమే కానీ నిబంధనకు అనుకూలం కాదు. చూపిన ఆదాయాన్ని తర్వాత పెద్ద మొత్తంలో వెనక్కి తీసుకునే పరిస్థితి రాదని దాదాపు ఖాయంగా చెప్పగలిగినంత మేరకే అమ్మకం చూపాలని ప్రమాణం చెబుతోంది. వాన జాడలేని జూన్‌లో సగటు కూడా చాలకపోవచ్చు.

కొత్త హైబ్రిడ్‌ను తొలిసారి ఒక జిల్లాలోకి దించినప్పుడు పాత అనుభవమే ఉండదు. పక్క జిల్లా లెక్కలు, అదే నేలల్లో అలాంటి రకాలు అమ్ముడైన తీరు కొంత ఆసరా ఇస్తాయి. అవీ లేకుంటే బిల్లు వేసిన మొత్తాన్నంతటినీ వాపసు బాధ్యతగానే ఉంచి, వాపసు గడువు తీరాక అమ్మకంలోకి మార్చడమే దారి. డీలరు అమ్మితేనే సొమ్ము కట్టే పద్ధతి, ఎప్పుడైనా సరకును కంపెనీ రప్పించుకోగలిగే పద్ధతి అసలు అమ్మకమే కాదు, కన్‌సైన్‌మెంటు. అక్కడ సరకు కంపెనీ నిల్వలోనే ఉంటుంది.

మొలక రాలేదని రైతు చేసే ఫిర్యాదు ఈ కోవలోకి రాదు. లోపం ఉన్న సరకుకు బదులు మంచిది ఇవ్వడం వారంటీ కింద, పంట నష్టానికి పరిహారం ఇవ్వాల్సి వస్తే అది వేరే బాధ్యత కింద లెక్కకు వస్తాయి. వాటిని కూడా వాపసు శాతంలో కలిపేస్తే అంచనా ఏటికేడు తప్పుతూనే ఉంటుంది.

పట్టేదెక్కడ?

లెక్కల్లో తేడా ఉంటే బయటపడే చోట్లు కొన్ని ఉన్నాయి. త్రైమాసికం ఆఖరు వారంలో బిల్లులు ఒక్కసారిగా పెరిగి, తర్వాతి రెండు నెలల్లో క్రెడిట్ నోట్లు గుట్టగా పడితే సరకును డీలర్లపైకి తోసి అమ్మకం చూపారని అనుమానించాలి. అమ్మకాలు ఏటా పెరుగుతున్నా వాపసు బాధ్యత కదలకుండా ఉన్నా, డీలర్ల బకాయిలు అమ్మకాల కన్నా వేగంగా పెరిగినా అదే అనుమానం. ఆడిటర్లు త్రైమాసికం ముగిసిన తర్వాత వచ్చిన క్రెడిట్ నోట్లను అందుకే అడిగి తీసుకుంటారు. జూన్ అంచనాను ఆగస్టు వాస్తవంతో పోల్చడానికి అంతకన్నా మంచి కాగితం లేదు. ఒక్కోసారి క్రెడిట్ నోటు కూడా ఆలస్యంగా రాస్తారు. అప్పుడు లారీ రశీదు మీది తేదీ, గోదాము ఆవక పుస్తకంలోని తేదీ చూడాలి.

ఇండ్ ఏఎస్ పరిధిలోకి రాని చిన్న కంపెనీలకు పాత ప్రమాణం ‘ఏఎస్ 9’ వర్తిస్తుంది. నచ్చకపోతే సొమ్ము వాపసు అనే షరతుతో జరిగే చిల్లర అమ్మకాల్లో అమ్మకం చూపి, గత అనుభవాన్ని బట్టి వాపసులకు తగిన కేటాయింపు చేయవచ్చని అది చెబుతోంది. పరిమితి లేని వాపసు హక్కుతో సరకు ఇచ్చినచోట మాత్రం ఒప్పందం అసలు స్వభావాన్ని చూసి తేల్చుకోవాలంటోంది. ఆస్తికి, బాధ్యతకు విడివిడి ఖాతాల సంగతి అందులో ఇంత వివరంగా లేదు. పలు చిన్న సంస్థలు సరకు తిరిగి వచ్చిన రోజునే ‘అమ్మకపు వాపసులు’ అని రాసుకుని సరిపెడుతున్నాయి. ఖరీఫ్ సరకు మార్చి 31లోగా ఎటూ తిరిగి వచ్చేస్తుంది కనుక ఏడాది లెక్కలో ఆ లోటు కనిపించదు. యాసంగి విత్తనాలో, మార్చిలోనే దుకాణాలకు దించిన ఖరీఫ్ విత్తనాలో ఉన్నచోట మాత్రం ఒక ఏడాది లాభం మరో ఏడాదికి నష్టంగా బదిలీ అవుతుంది.