పొడవు ఒక్కటే చూస్తే కుర్తీ అర్థం కాదు

ఒక షాపులో కుర్తీ అని అమ్మే టాప్‌నే పక్క షాపులో ట్యూనిక్ అంటారు. ఆన్‌లైన్‌లో అదే లాంగ్ టాప్ అవుతుంది. ఈ పేర్లకు అందరూ ఒప్పుకున్న కొలతంటూ లేదు. అందుకే లేబుల్ కంటే ముందు టాప్ పక్కలు చూడమంటాను.

కుర్తీకి రెండు పక్కలా తుంటి దగ్గర మొదలై కింది అంచు దాకా కట్స్ ఉంటాయి. కుర్తీ తిన్నగా, తక్కువ ఘేరుతో కిందికి దిగుతుంది కాబట్టి ఆ కట్స్ లేకపోతే బాసింపట్టు వేసుకుని కూర్చోలేం, స్కూటీ ఎక్కలేం. ట్యూనిక్‌కి పక్కలు పూర్తిగా కుట్టేసి ఉంటాయి, లేదా చివర్లో రెండు మూడు అంగుళాల చిన్న కట్ ఉంటుంది. కదలడానికి కావలసిన చోటు వదులు వల్లే రావాలి. అందుకే అది ఎక్కువగా తొడ మధ్యలోనే, 30 నుంచి 34 అంగుళాల దగ్గర ఆగుతుంది. కట్స్ లేకుండా మోకాలు దాటితే ఘేరు పెంచాలి, లేకపోతే అడుగు పడదు. లాంగ్ టాప్ షర్టుకు దగ్గరి చుట్టం. జీన్స్ మీదికి తుంటి కప్పేంత పొడవుంటుంది. కింది అంచు గుండ్రంగానో, వెనక కాస్త దిగిగానో వస్తుంది.

కుర్తీ పొడవును మెడ పక్కన భుజం మొదలయ్యే చోటు నుంచి కింది అంచు దాకా కొలుస్తారు. 46 అంగుళాలని రాసి ఉన్న కుర్తీనే తీసుకుందాం. ఫొటోలోని అమ్మాయి 5 అడుగుల 8 అంగుళాల పొడవుంటే, భుజం నేల నుంచి సుమారు 58 అంగుళాల ఎత్తులో ఉంటుంది. కుర్తీ నేలకు 12 అంగుళాల పైన, పిక్క మధ్యలో ఆగుతుంది. అదే కుర్తీని 5 అడుగుల 2 అంగుళాల మనిషి వేసుకుంటే భుజం ఎత్తు 53 దగ్గరే ఉంటుంది. అంచు నేలకు ఏడు అంగుళాల దూరానికి దిగిపోతుంది. ఫొటోలో కనిపించిన లెగ్గింగ్ ఇక్కడ దాదాపు కనిపించదు. ఇంట్లో మీకు నప్పిన కుర్తీని పరిచి టేపుతో కొలిచి, ఆ అంకెతో పోల్చుకోవడమే దీనికి మందు.

మరి 46ను 42 చేయించుకుంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. ఇక్కడే చాలా కుర్తీలు పాడవుతాయి. భుజం నుంచి 22 అంగుళాల దగ్గర కట్స్ మొదలైతే, వాటి పొడవు 24 అంగుళాలు. కింద నాలుగు తీసేస్తే 20 మిగులుతుంది, నడకకు అది చాలు. కానీ కట్స్ మొదలయ్యే చోటు మాత్రం మారదు. పొడవైన మనిషికి తుంటి దగ్గర వచ్చేది పొట్టి మనిషికి కిందికి జారుతుంది. తుంటి దగ్గర గుడ్డ అడ్డంగా ముడతలు పడి పట్టేస్తుంటే అదే కారణం కావచ్చు. అప్పుడు టైలర్‌తో పక్క కుట్టు ఒకటి రెండు అంగుళాలు విప్పించి, కట్ పైకి జరిపించుకోవాలి. కింద బార్డర్ ఉంటే అంచు కత్తిరిస్తే బార్డరే పోతుంది. దాన్ని విప్పి, పైన గుడ్డ తగ్గించి, మళ్లీ జాయింట్ వేయమనాలి. కాటన్ అయితే ఇదంతా ఒకసారి ఉతికాకే చేయించండి. కొన్ని గుడ్డలు మొదటి ఉతుకులో అంగుళం, రెండు అంగుళాలు కుంచించుకుపోతాయి.

చేతుల కొలత మెడ నుంచి కాదు, భుజం కుట్టు నుంచి. 5 అడుగుల 2 అంగుళాల మనిషికి మోచెయ్యి సుమారు 12, 13 అంగుళాల దగ్గర వస్తుంది. చేతి అంచు సరిగ్గా ఆ మడత మీదే ఆగితే, చెయ్యి వంచిన ప్రతిసారీ గుడ్డ పోగుపడి నలుగుతుంది. అందుకే మోచేతి చేతులు ఒక అంగుళం పైనే ఆగాలి. త్రీ ఫోర్త్ అయితే 16, 17 దాకా దిగాలి. మీకు భుజం పెద్దదైతే కుట్టు కిందికి జారి, చెయ్యి కూడా దానితోపాటే దిగుతుంది. పొడవు ఎక్కువైందని చేతులు కత్తిరించే ముందు ఆ కుట్టు భుజం ఎముక మీద ఉందో లేదో చూడండి. భుజం సరిచేస్తే చాలాసార్లు చేతులూ సర్దుకుంటాయి.

స్లీవ్‌లెస్ కుర్తీల్లో చేతుల గుడ్డ విడిగా లోపల పెట్టి ఇస్తారు. చాలావాటిలో అది పొట్టి చేతులకే సరిపడేంత ఉంటుంది. త్రీ ఫోర్త్ కావాలనుకునేవాళ్లు బిల్లు కట్టక ముందే ఆ ముక్కను తీసి కొలవాలి. చంక దగ్గర కుట్టుకు అర అంగుళం, కింద మడతకు మరో అంగుళం పోగా మిగిలేదే చేతి పొడవు.