ఒక్క జీతం, ఐదుగురు మనుషులు: ఎమర్జెన్సీ ఫండ్ ఎంత ఉండాలి?

"జీతం ఇంటూ ఆరు పెట్టుకోండి" అని అందరూ చెప్తారు కదా. అమ్మానాన్నల్ని కూడా చూసుకునే ఇంటికి ఆ లెక్క సరిపోదు. ఎందుకో మన నూజివీడు లెక్కతోనే చూద్దాం.

ఒక ఇల్లు ఊహించుకోండి. అబ్బాయికి విజయవాడలో ప్రైవేట్ ఉద్యోగం, చేతికి 40,000 వస్తుంది. భార్య, పాప, అమ్మానాన్న ఆ జీతం మీదే. సొంతిల్లు, రెండెకరాల మామిడి తోట ఉన్నాయి.

ముందు జీతం పక్కన పెట్టి, ఆపలేని ఖర్చు రాయండి. సరుకులు, పాలు, గ్యాస్, కరెంటు 12,000. బైక్ ఈఎమ్ఐ 4,000. స్కూల్ ఫీజు 4,000. అమ్మానాన్న మందులు, టెస్టులు 4,000. పెట్రోల్, ఫోన్ 2,000. మొత్తం 26,000. ఏడాదికోసారి వచ్చేవి చాలామంది మర్చిపోతారు: ఇన్సూరెన్స్ ప్రీమియం, తోటకి మందుల పిచికారీ కలిపి 48,000. అంటే నెలకి 4,000. మొత్తం 30,000.

భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తే ఒక జీతం ఆగినా ఇంకోటి ఉంటుంది. ఇక్కడ ఆగితే సున్నా. కొత్త ఉద్యోగానికి నాలుగు నెలలు పట్టొచ్చు, చేరాక మొదటి జీతానికి ఇంకో నెల. ఒక నెల అదనంగా వేసుకుంటే ఆరు. అంటే 1,80,000.

"తోట ఉంది కదా" అంటారా? కాయ డబ్బు వేసవిలో ఒక్కసారే వస్తుంది. పూత నిలవకపోయినా, గాలివానకి కాయ రాలినా ఆ ఏడాది అంతే. అందుకే దాన్ని ఫండ్ నింపడానికి వాడండి, ఫండ్‌గా లెక్కపెట్టకండి.

ఇప్పుడు రెండో భాగం, ఆసుపత్రి. కంపెనీ పాలసీలో పేరెంట్స్‌కి 20 శాతం కో-పే ఉందనుకుందాం. 3 లక్షల బిల్లులో 60,000 మనమే కట్టాలి. పాలసీ ఇవ్వని వస్తువులు, రాకపోకలు, తోడున్నవాళ్ళ ఖర్చుకి ఇంకో 40,000. ఈ లక్ష విడిగా కలపాలి. మొత్తం 2,80,000.

అసలు ప్రమాదం ఏంటంటే, ఉద్యోగం పోతే ఆ కంపెనీ పాలసీ కూడా పోతుంది. కాబట్టి ఉద్యోగం ఉండగానే పేరెంట్స్‌కి సొంత పాలసీ తీసుకోండి. కొత్త పాలసీలో బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకి మూడేళ్ళ వరకు వెయిటింగ్ ఉండొచ్చు, పేపర్లలో అది చూడండి. ఆ గడువు అయ్యేదాకా ఆసుపత్రి భాగం లక్షతో ఆపకండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవకి మీ ఇంటికి అర్హత ఉందో లేదో కూడా ఇప్పుడే కనుక్కోండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి? ఒక నెల ఖర్చు సేవింగ్స్‌లో, మిగతాది 50,000 చొప్పున విడివిడి ఎఫ్‌డీల్లో. అవసరమైతే ఒక్కటే బ్రేక్ చేస్తే చాలు. అకౌంట్, ఎఫ్‌డీలు భార్యతో జాయింట్‌గా, 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో పెట్టండి; గడువుకి ముందే ఎఫ్‌డీ బ్రేక్ చేయడానికి బ్యాంకు ఇద్దరి సంతకాలూ అడగొచ్చు, అందుకే ఒక్కరే బ్రేక్ చేసేలా ముందే రాతపూర్వకంగా ఇచ్చి పెట్టండి. ఎందుకంటే ఆసుపత్రి బెడ్ మీద ఉండేది సంపాదించే మనిషే కావచ్చు. అప్పుడు డబ్బు ఆయన ఫోన్ పిన్ వెనకే ఉండిపోతే ఇంట్లోవాళ్ళకి ఉన్నా లేనట్టే.

మీ ఇంటి ఆపలేని ఖర్చు నెలకి ఎంతో కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం.