నొక్కకముందే వాడేసిన లింకు

ఆఫీసు వాళ్లు మా చెల్లెల్ని ఒక శిక్షణ సైట్‌లో కోర్సు పూర్తి చేయమన్నారు. పాస్‌వర్డ్ గుర్తులేదు. మార్చుకోవడానికి లింకు అడిగింది, ఆఫీసు మెయిల్‌కి వచ్చింది, నొక్కింది. ‘ఈ లింకును ఇప్పటికే వాడేశారు’ అని వచ్చింది. మళ్లీ అడిగితే మళ్లీ అదే. నాలుగోసారి హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే, ‘మీరే రెండుసార్లు నొక్కి ఉంటారు మేడమ్’ అన్నారట. ఇంటికొచ్చి సొంత జీమెయిల్‌తో ఇంకో ఖాతా తెరిస్తే మాత్రం మొదటి నొక్కుకే పనిచేసింది.

ఆ సైటు చూసుకునే కుర్రాడు నాకు తెలిసినవాడే. ‘ఒకసారి లాగ్ తియ్యి’ అన్నాను. సర్వర్ రాసుకున్న పద్దులో ఆ లింకు కథంతా మూడు వరుసల్లో ఉంది.

```
10:14:02  mail sent
10:14:05  GET /reset?token=7f3a  200
10:21:40  GET /reset?token=7f3a  410
```

మెయిల్ వెళ్లిన మూడో సెకనుకే ఎవరో లింకు తెరిచారు. 200 అంటే పేజీ ఇచ్చాం అని. మా చెల్లెలు నొక్కింది ఏడున్నర నిమిషాల తర్వాత. అప్పటికి టోకెన్ అయిపోయింది కాబట్టి 410, అంటే ‘ఇక లేదు’ అని జవాబు. మెయిల్ చేరి, చదివి, నొక్కడానికి మూడు సెకన్లు మనిషికి చాలవు. మొదటి రాక ఎక్కడి నుంచో చూస్తే, ఒక క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ చిరునామా. తెరిచింది ఆఫీసు మెయిల్‌కి కాపలా కాసే స్కానర్ అన్నమాట.

మైక్రోసాఫ్ట్ సేఫ్ లింక్స్, ప్రూఫ్‌పాయింట్, మైమ్‌కాస్ట్ లాంటివి చేసేది ఈ కాపలా పనే. మోసపు లింకుకి ముఖాన ఏమీ రాసి ఉండదు. పైకి పేరున్న సైటు చిరునామాలా కనిపించి, అక్కడి నుంచి రెండు మూడు మలుపులు తిప్పి దొంగ లాగిన్ పేజీకి చేర్చొచ్చు. చివరికి ఎక్కడ తేలుతుందో తెలియాలంటే ఆ దారిన వెళ్లి చూడాల్సిందే. అందుకే స్కానర్, అనుమానం వచ్చిన లింకును విడిగా పెట్టిన కంప్యూటర్‌లో నిజంగానే తెరుస్తుంది. ఆ పేజీ పాస్‌వర్డ్ అడుగుతోందా, ఏదైనా ఫైలు దించుతోందా అని చూస్తుంది. మోసగాళ్లు మెయిల్ చేరేదాకా మంచి పేజీ ఉంచి, తర్వాత మార్చేస్తుంటారు. అందుకని కొన్ని స్కానర్లు లింకునే తిరగరాసి, మీరు నొక్కినప్పుడు ఇంకోసారి పరీక్షిస్తాయి. ఆఫీసు మెయిల్‌లో లింకు మీద మౌస్ పెడితే `safelinks.protection.outlook.com` అని కనిపించేది అందుకే.

ఇది ఒక్కసారికే పనికొచ్చే లింకు అని స్కానర్‌కి చెప్పేవాళ్లు లేరు. అయినా నా లెక్కలో తప్పు స్కానర్‌ది కాదు, సైటుది. పై పద్దులో GET అన్న మాట చూశారుగా. వెబ్ నియమాల ప్రకారం GET అంటే ‘చూపించు’ అని అడగడం. చూసినంత మాత్రాన అవతల ఏదీ మారిపోకూడదు. ఏదైనా చేయించుకోవాలంటే POST పంపాలి. మనవాడి సైటు చూపించడానికొచ్చిన పిలుపుకే టోకెన్ ఖర్చు పెట్టేసింది. బజారులో చీర మడత విప్పి చూసినందుకే బిల్లు వేసినట్టు.

ఈ పొరపాటు కొత్తదేం కాదు. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అని ఒకటి తెచ్చింది. పేజీలు త్వరగా తెరుచుకోవాలని లింకుల్ని ముందే తెచ్చి పెట్టేది. ‘డిలీట్’ను మామూలు లింకుగా పెట్టుకున్న సైట్లలో జనం సమాచారం దానంతటదే చెరిగిపోయి గగ్గోలు పుట్టింది. ప్రచార మెయిళ్లు ఆపమనే అన్‌సబ్‌స్క్రైబ్ లింకులకూ ఇదే బెడద. స్కానర్ తెరిస్తే, మనం వద్దనకుండానే చందా రద్దయిపోతుంది. అందుకే 2017లో వచ్చిన RFC 8058 అనే ప్రమాణం, ఒక్క నొక్కుతో చందా ఆపే పనిని POSTకి కట్టేసింది.

మనవాడికి ముందు తోచిన మార్గం, పేజీ తెరుచుకోగానే జావాస్క్రిప్ట్‌తో దానంతటదే POST పంపించడం. వద్దన్నాను. కొన్ని స్కానర్లు బ్రౌజర్‌లాగే జావాస్క్రిప్ట్‌ని కూడా నడుపుతాయి, మళ్లీ మొదటికొస్తుంది. చివరికి లింకు తెరిస్తే ‘కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోండి’ అన్న ఫారం మాత్రమే వచ్చేట్టు, అది నింపి బటన్ నొక్కితేనే టోకెన్ ఖర్చయ్యేట్టు మార్చాడు. పాస్‌వర్డ్ లేకుండా లింకుతోనే లోపలికి పంపే సైట్లలోనూ మధ్యలో ఇలాంటి బటన్ పెట్టొచ్చు. బటన్లు కూడా నొక్కి చూసే స్కానర్ తగిలితే అదీ చాలదు. అప్పుడు లింకు మానేసి ఆరంకెల కోడ్ పంపడం మేలు. దాన్ని మనిషే టైపు చేయాలి కదా. అయితే ఫోన్ చేసి కోడ్ అడిగి లాక్కునే మోసగాళ్లకి అది పనికొస్తుంది, ఆ చిక్కు వేరే.

సైటు మనది కానప్పుడు చేయగలిగింది తక్కువ. కొత్తగా వచ్చిన లింకే మొదటి నొక్కుకు ‘వాడేశారు’ అంటూ, అదే సైటు సొంత మెయిల్‌తో సవ్యంగా పనిచేస్తుంటే, స్కానర్‌నే అనుమానించొచ్చు. ఆ మెయిల్ పంపే చిరునామానీ, లింకు వెళ్లే సైటునీ ముందస్తు పరీక్ష నుంచి మినహాయించమని ఆఫీసు ఐటీ వాళ్లని అడగొచ్చు. ఒప్పుకోకపోయినా తప్పుపట్టలేం. మినహాయించిన చిరునామా పేరుతోనే రేపు మోసపు మెయిల్ రావచ్చు.

మర్నాడు మా చెల్లెలు మళ్లీ లింకు అడిగింది. ఈసారి పద్దులో స్కానర్ GETలు మూడు పడ్డాయి, మూడింటికీ 200. పావుగంట తర్వాత ఆమెది నాలుగోది, దాని కింద ఒక్క POST.