చుక్కల ఫొటోలో గురుడెవరు? రోహిణి ఎవరు?

మిణుకుమంటే నక్షత్రం, నిలకడగా వెలిగితే గ్రహం అని చిన్నప్పుడు మనందరికీ చెప్పారు. ఆరుబయట మంచం మీద పడుకుని చూసేటప్పుడు ఆ మాట నిజమే. ఫొటో తీస్తే మాత్రం అది పనికిరాదు. రాత్రిపూట సెల్‌ఫోను ఒక్క ఫొటోకి పది, ఇరవై సెకన్లపాటు వెలుగును పోగుచేస్తుంది. అంతసేపటి మిణుకులన్నీ కలిసిపోయి ఒకే చుక్కగా పడతాయి. మరెలా గుర్తుపట్టాలి?

2025 జనవరి ఆఖరి వారంలో మా మేనకోడలికి సరిగ్గా ఇదే ప్రశ్న ఎదురైంది. స్కూలు ఎగ్జిబిషన్‌కి తను తీసిన ఆకాశం ఫొటో పెట్టి, ప్రతి చుక్క పక్కనా పేరు రాయాలి. మేడ మీద స్టూలు వేసి, ఫోను వెనక కెమెరా పైకి చూసేలా బోర్లా పెట్టి, చేయి తగలకుండా టైమర్‌తో తీసింది. ఇరవై సెకన్ల చొప్పున వెంటవెంటనే మూడు ఫొటోలు. టైము సాయంత్రం ఏడుంబావు. మొదటి ఫొటోలో చుక్కలతోపాటు ఒక పొడుగాటి తెల్లగీత పడింది. ‘‘అత్తా, ఇది రాలిన చుక్కే కదా!’’ అని ఒకటే సంబరం.

‘‘పేరు రాసెయ్యకు, రెండో ఫొటో చూడు’’ అన్నాను. మొదటి ఫొటోలో గీత ఆగిన చోటికి కాస్త అవతల, రెండో ఫొటోలో అదే దారిలో ఇంకో గీత ఉంది. రాలే చుక్క, అంటే ఉల్క, సాధారణంగా ఒకటి రెండు సెకన్లలో ఆరిపోతుంది. కాబట్టి ఒక్క ఫొటోలోనే కనిపిస్తుంది. ఇది ఉపగ్రహం. మనకి దగ్గరగా తిరిగే ఉపగ్రహం నడినెత్తిన వెళ్తుంటే, చేయి చాపి పట్టుకున్న పిడికిలంత దూరాన్ని సుమారు పది సెకన్లలో దాటేస్తుంది. ఇరవై సెకన్లకి రెండు పిడికిళ్ల గీత. మూడో ఫొటోలో ఆ గీత సన్నబడి మధ్యలోనే మాయమైంది. ఉపగ్రహానికి సొంత వెలుగు లేదు, దాని మీద పడిన ఎండే మనకి కనిపిస్తుంది. భూమి నీడలోకి వెళ్లగానే ఆరిపోతుంది. చీకటి పడ్డాక మొదటి గంటా రెండు గంటల్లోనూ, తెల్లవారుజామునా ఇవి ఎక్కువగా కనిపించేది అందుకే. విమానమైతే గీత వెంబడి దీపాలు వెలిగి ఆరిన చుక్కలు వరసగా పడతాయి.

ఇక చుక్కల సంగతి. నడినెత్తికి కాస్త తూర్పుగా కృత్తికల గుంపు, దానికి దగ్గర్లో రెండు పెద్ద చుక్కలు ఉన్నాయి. ఒకటి కాస్త ఎర్రన, రెండోది బాగా తెల్లగా, పెద్దగా ఉంది. ‘‘పెద్దది కాబట్టి గ్రహమా?’’ అంది. ఆ పెద్దరికం సైజుది కాదు, వెలుగుది. ఎక్కువ వెలుగు పడిన చోట ఫొటోలో చుక్క ఉబ్బుతుంది. ఎంత జూమ్ చేసినా గుండ్రటి గ్రహం కనిపించదు, ఆ ఉబ్బే ఇంకా పెద్దదవుతుంది. బాగా వెలిగే నక్షత్రమైనా అలాగే ఉబ్బుతుంది. కాబట్టి ఒక్క ఫొటో చూసి ఇది గ్రహం, ఇది నక్షత్రం అని తేల్చలేం.

అందుకే పంచాంగం తీయమన్నాను. జాతకం కోసం కాదు, అడ్రసు కోసం. గ్రహాలన్నీ పన్నెండు రాశుల దారిలోనే నడుస్తాయి. ఏ గ్రహం ఏ రాశిలో ఉందో పంచాంగంలో రాసి ఉంటుంది. ఆ ఏడాది గురుడు వృషభంలో ఉన్నాడు. రోహిణి ఉండేదీ ఆ రాశిలోనే. ఎర్రటి చుక్క రోహిణి, దానికి ఉత్తరంగా ఉన్న తెల్లటిది గురుడు అయ్యుండాలి.

‘అయ్యుండాలి’ అంటే ఎగ్జిబిషన్‌లో సరిపోదు కదా. రుజువు తన ఫోనులోనే దొరికింది. డిసెంబరు మొదటి వారంలో అదే ఆకాశాన్ని తీసిన ఫొటో ఒకటి ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. కృత్తికలకీ రోహిణికీ మధ్య దూరం వెంట్రుకంత కూడా మారలేదు. తెల్లటి చుక్క మాత్రం సుమారు అర పిడికిలి పడమరకి, కృత్తికల వైపుకి జరిగింది. నక్షత్రాల మధ్య ఇలా చోటు మార్చేది గ్రహమే. గురుడు మామూలుగా తూర్పుకి నడవాలి. ఆ రోజుల్లో పడమరకి నడిచాడు. దానినే పంచాంగంలో వక్రగతి అంటారు. నిజానికి ఆయన వెనక్కి తిరగలేదు. లోపలి దారిలో వేగంగా వెళ్లే మన భూమి ఆయన్ని దాటిపోతుంటే, మన రైలు దాటిన రైలు వెనక్కి పోతున్నట్టు అనిపించడం లాంటిదే అది.

మీరూ తీస్తారా? అయితే తేదీ, టైము రాసిపెట్టుకోండి. గీత ఏమిటో తేలాలంటే వెంటనే ఇంకో ఫొటో కావాలి. చుక్క ఏమిటో తేలాలంటే నెల తర్వాత ఇంకోటి కావాలి. ఫోను ఎటు తిప్పితే అటు, వీధిదీపానికి సరిగ్గా ఎదురుమూల ఆకుపచ్చ చుక్క కనిపిస్తే మాత్రం పేరు వెతక్కండి. అది అద్దంలో పడిన దీపం నీడే.