రంగు పట్టేలోపు మూడు థ్రెడింగులు

ఈ కథలోని లేడీస్ పార్లర్ గుంటూరు బ్రాడీపేటలో, మేడ మీద ఉంది. మూడు కుర్చీలు, ఇద్దరు బ్యూటీషియన్లు. అద్దె బకాయి పడింది. ఇద్దరిలో ఒకరిని మాన్పించక తప్పదేమోనని యజమానురాలు దిగులు పడుతోంది. కొత్తగా రిసెప్షన్‌లో చేరిన అమ్మాయికి మాత్రం ఒక సంగతి వింతగా తోచింది. ఆదివారం పొద్దున ఐబ్రోస్ కోసం వచ్చినవాళ్లు ఎంతసేపు పడుతుందని అడిగి, గంట అనగానే మెట్లు దిగిపోతున్నారు. లోపల బ్యూటీషియనేమో ఫోన్ చూసుకుంటూ కూర్చుంది.

అలా వెనక్కి పోయినవాళ్లను పుస్తకం చివరి పేజీలో రాసుకుంటూ వచ్చింది. ఆ తర్వాత అపాయింట్‌మెంట్ల పేజీ తిప్పి చూస్తే కారణం దొరికింది. జుట్టుకు రంగు వేయించుకునే ఆవిడ పేరు 11 నుంచి 12.30 దాకా ఒకే గీతగా ఉంది. రంగు పూయడానికి అరగంట, అది పట్టడానికి 35 నిమిషాలు, కడిగి ఆరబెట్టడానికి 25. ఆ మధ్య 35 నిమిషాలూ ఆవిడకు కుర్చీ కావాలి గానీ, బ్యూటీషియన్ చేతులతో పనిలేదు.

"అక్కా, రంగు పట్టేలోపు ముగ్గురికి ఐబ్రోస్ చేసేయొచ్చు. టైమ్ చెప్పి పిలుస్తా."

"ఎవరైనా లేటుగా వస్తే?"

"వాళ్లని తర్వాతి ఖాళీలో వేద్దాం. రంగు మన కోసం ఆగదు కదక్కా."

పుస్తకంలో బ్యూటీషియన్‌కో నిలువు వరస గీసి, కుర్చీలకు వేరే వరసలు పెట్టింది. మొదటి ఆదివారం ఆ ఖాళీలో కాళ్ల వ్యాక్సింగ్ వేసింది. అది సాగింది, మధ్యలో వదలడానికి లేదు. రంగు కడగడం పదిహేను నిమిషాలు ఆలస్యమై, ఆవిడ అనుకున్నదానికన్నా ముదురుగా తేలింది. అప్పటినుంచి ఆ ఖాళీలో పది నిమిషాల్లో తెమిలే థ్రెడింగ్ తప్ప ఇంకేమీ రాయలేదు. కొత్తగా రంగు వేయించుకునేవాళ్లను 48 గంటల ముందే ప్యాచ్ టెస్ట్‌కి రమ్మంది. ఆ రోజు దురదో మంటో వస్తే అసలు అపాయింట్‌మెంట్ అప్పుడే రద్దవుతుంది, ఆ టైమ్ వేరొకరికి ఇవ్వొచ్చు.

ముందురోజు సాయంత్రం అందరికీ ఫోన్ చేయడం ఇంకో మార్పు. రానన్నవాళ్ల చోటుకి, అంతకుముందు టైమ్ దొరకక పోయినవాళ్లను పిలిచేది. పెళ్లికూతురి మేకప్‌ని మాత్రం ఇలా ముక్కలు చేయలేం. పూర్తయ్యేదాకా బ్యూటీషియన్ అక్కడినుంచి కదలకూడదు. అందుకని ముహూర్తాల రోజుల్లో అడ్వాన్స్ చేతికొస్తేనే ఆ వరస మూసి ఉంచేది.

కొన్ని నెలలకు అద్దె బకాయి తీరింది. మాన్పిద్దామనుకున్న బ్యూటీషియన్‌కి ఇప్పుడు ఆదివారం భోజనానికి కూడా పుస్తకంలో అరగంట రాసిపెట్టాల్సి వస్తోంది.