అరిగిన అక్షరాల పోస్టర్

1990లలో అమెరికా సంగీత పత్రిక ‘రే గన్’కు డిజైనర్‌గా ఉన్న డేవిడ్ కార్సన్, తనకు విసుగు పుట్టించిన ఒక ఇంటర్వ్యూని ఏకంగా బొమ్మల ఫాంట్‌లో పెట్టేశాడు. ఒక్క ముక్క చదవలేం. పత్రికకు అది చెల్లింది. బ్యాండ్ పోస్టర్‌కు చెల్లదు. పేరు, తేదీ, చోటు అందకపోతే వచ్చేదెవరు?

ఫాంట్ ఎంత అరిగిందని కాదు, ఎక్కడ అరిగిందో చూడాలి. గీత నడుమ చుక్కలుగా సిరా పోయినా కన్ను పూడ్చుకుంటుంది. అంచులు చెడితే అక్షరమే మారిపోతుంది. ‘ఫ’ కింది చిన్న గీత ఊడితే ‘ఫైర్’ కాస్తా ‘పైర్’ అవుతుంది.

‘బూమ్’ అని ఇంగ్లిష్‌లో పెడితే రెండు ‘ఓ’ల మీదా ఒకేచోట ఒకే గీటు పడుతుంది. అరుగుదల నకిలీదని అక్కడే దొరికిపోతాం. కొన్ని ఫాంట్లలో ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలుంటాయి. లేకుంటే అక్షరాలను అవుట్‌లైన్లుగా మార్చి, ఒక ‘ఓ’ను తలకిందులు చేస్తే సరి.

పోస్టర్‌ని తెర మీద బొటనవేలంత చేసి చూడండి. పేరు ముద్దగా కనిపిస్తే గరుకు ఎక్కువైనట్టే. అలాగని ఫాంట్ మార్చక్కర్లేదు. దాని నున్నటి రూపం ఉంటే అదే రంగులో, సగం గాఢతతో, సరిగ్గా కింద పొరగా పరవండి. చిల్లులు పూడతాయి, గరుకూ మిగులుతుంది. తేదీ, చోటు మాత్రం సాదా ఫాంట్‌లోనే వేయండి.