కోర్టు వద్దన్నాక పాకలు పీకిన తాసీల్దారుకి ఏటయింది?

మన అరకు కొండల్లో తాసీల్దారంటే చిన్న మనిషి కాదు. పట్టా ఇవ్వాలన్నా, పోడు భూమి సర్వే చేయించాలన్నా, పాక తీసెయ్యమన్నా ఆయన మాటే చెల్లుతాది. అందుకే ఊళ్లో ఎవరన్నా హైకోర్టు నుంచి స్టే కాయితం తెచ్చుకుంటే మొదట వచ్చే అనుమానం ఒక్కటే. 'ఈ కాయితాన్ని ఆయన లెక్క చేస్తాడా? చెయ్యకపోతే ఏటవుతాది?'

దీనికి గుంటూరు జిల్లా అడవి తక్కెళ్లపాడు ఊరి కేసులో జవాబు ఉంది. అక్కడ పేదోళ్లు పాకలు వేసుకుని ఉండేవోళ్లు. వాళ్లను ఖాళీ చేయిస్తారన్న భయంతో హైకోర్టుకెళ్లారు. 2013 డిసెంబరు 11న కోర్టు వాళ్ల పాకల జోలికి పోవద్దని ఉత్తర్వు ఇచ్చింది. అయినా 2014 జనవరిలో అప్పటి తాసీల్దారు తాతా మోహనరావు ఆ పాకల్ని బలవంతంగా తీయించేశారు. అప్పుడు వాళ్లు వేసిందే కోర్టు ధిక్కార కేసు.

ధిక్కార కేసులో వచ్చే ఉత్తర్వు పేజీలకి పేజీలుంటాది. అందులో ముందు మూడు సంగతులు వెతికితే మిగతాది అర్థమయిపోతాది. ఏ ఆదేశాన్ని మీరారు? మీరారని కోర్టు ఏం చూసి తేల్చింది? చివరికి శిక్ష వేసిందా, క్షమాపణ తీసుకుందా?

మొదటిది ఆదేశం. ఈ కేసులో అది సూటిగా ఉంది. ఫలానా పని చెయ్యొద్దు అంది, ఆ పనే జరిగింది. మనోళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. హైకోర్టు ఇచ్చే ఉత్తర్వులన్నీ ఇలా ఉండవు. 'అర్జీని ఇన్ని వారాల్లో పరిశీలించండి' అని రాసుంటే, అధికారి ఆ గడువులో పరిశీలించి 'కుదరదు' అని రాసిచ్చినా సరిపోతాది. ఆదేశం పాటించినట్టే లెక్క. ఆ తిరస్కరణ మీద మళ్లీ కొత్త కేసు వేసుకోవాలి గానీ, ధిక్కారం నిలబడదు. 'చట్టప్రకారం తప్ప ఖాళీ చేయించొద్దు' అని ఉంటే, నోటీసు ఇచ్చి, మన జవాబు విని, పద్ధతిగా ఖాళీ చేయిస్తే అదీ ధిక్కారం కాదు. కాబట్టి వకీలు 'గెలిచాం' అన్నాడని సంబరపడి కాయితం మడిచి పెట్టెలో పెట్టుకోకండి. ఆఖరి పేరా చదవండి. ఎవరు, ఏ పని, ఎప్పట్లోగా చెయ్యాలో, లేదా మానాలో, ఆ మాటలే రేపు మనకి ఆయుధం.

రెండోది కోర్టు తేల్చిన విషయం. ఆదేశం అమలు కాలేదని చూపిస్తే చాలదు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం ప్రకారం తెలిసి, కావాలని మీరినట్టు తేలాలి. అధికారి సాధారణంగా చెప్పేది 'ఆ ఉత్తర్వు నా దాకా రాలేదు' అనో, 'నాకు వేరేలా అర్థమయింది' అనో. అడవి తక్కెళ్లపాడులో అలా తప్పించుకునే సందు దొరకలేదు. హైకోర్టు సింగిల్ జడ్జి ఇది కావాలని చేసిన ధిక్కారమే అని తేల్చి, 2015 మార్చిలో రెండు నెలల సాధారణ జైలు, 2 వేల రూపాయల జరిమానా వేశారు. ఆయన ఇద్దరు జడ్జీల బెంచీకి అప్పీలు వేసుకున్నా అక్కడా తప్పు తప్పే అన్నారు. అప్పుడు సుప్రీంకోర్టుకెళ్లారు.

మూడోది శిక్ష. ఈ కేసు ప్రత్యేకత ఇక్కడే ఉంది. సుప్రీంకోర్టుకి చేరేసరికి ఆ తాసీల్దారు 2023లో ప్రమోషన్ మీద డిప్యూటీ కలెక్టరు అయిపోయారు. జస్టిస్ బీఆర్ గవాయ్, జస్టిస్ ఏజీ మసీహ్ కేసు విన్నారు. జైలు తప్పాలంటే కింది పోస్టుకి దిగడానికి ఒప్పుకుంటారా అని అడిగితే ఆయన తరఫున ఒప్పుకోలేదు. 2025 మే 9న తీర్పు వచ్చింది. తప్పు చేశారన్న మాటను కోర్టు మార్చలేదు, శిక్షను మాత్రం మార్చింది. జైలుకి పంపితే ఉద్యోగం పోతాది, ఆయన మొండితనానికి భార్యాబిడ్డలు బాధపడకూడదు అంది. జైలు బదులు డిప్యూటీ కలెక్టరు నుంచి మళ్లీ తాసీల్దారుగా దించమని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. నాలుగు వారాల్లో లక్ష రూపాయలు కట్టమంది. ఎంత పెద్ద హోదాలో ఉన్నా కోర్టు ఆదేశానికి లోబడాల్సిందేనని చెప్పింది.

చట్టంలో ధిక్కారానికి గరిష్ఠ శిక్ష ఆరు నెలల సాధారణ జైలు, 2 వేల జరిమానా. ఆ రెండు వేలు ఒక అధికారికి ఏపాటి? పోస్టు తగ్గించడమంటే మాత్రం రేపటి నుంచి జీతం, కుర్చీ, ముందుకెళ్లే దారి అన్నీ కదులుతాయి. అందుకే ఆ తీర్పు అంతటా మాట్లాడుకున్నారు. కానీ అది సుప్రీంకోర్టు తన ప్రత్యేక అధికారంతో చేసింది. ప్రతి కేసులోనూ అలా అవుతాదని ఆశపడకూడదు.

క్షమాపణ సంగతి కూడా తెలుసుకోవాలి. కోర్టుకి నచ్చేలా, మనస్ఫూర్తిగా చెప్తే శిక్ష మాఫీ చెయ్యొచ్చని చట్టంలోనే ఉంది. మన రాష్ట్రంలో దానికి ఇంకో ఉదాహరణ ఉంది. బడి ఆవరణల్లో సచివాలయాలు, రైతు భరోసా కేంద్రాలు పెట్టొద్దన్న ఆదేశం అమలు కాలేదని హైకోర్టు 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకి రెండు వారాల జైలు వేసింది. వాళ్లు అక్కడికక్కడే క్షమాపణ అడిగారు. దాంతో కోర్టు జైలు తీసేసి, ఏడాది పాటు నెలకో ఆదివారం సంక్షేమ హాస్టలుకి వెళ్లి పిల్లలతో గడపాలని, ఒకరోజు వాళ్ల భోజనం ఖర్చు భరించాలని అంది. హాస్టల్లో చదివిన మనకి ఆ భోజనం విలువ తెలుసు. ఆ తీర్పు మీద తర్వాత అప్పీలు కూడా పడింది. అంటే ధిక్కార తీర్పు వచ్చిందని కథ అయిపోయినట్టు కాదు, శిక్ష పడితే అప్పీలు హక్కు ఉంటాది.

ఇంకో సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. ధిక్కారం కోర్టుకీ, దాని మాట మీరినోడికీ మధ్య గొడవ. అధికారికి శిక్ష పడినంత మాత్రాన పడగొట్టిన పాక దానంతటది లేవదు. ఇల్లు, పరిహారం కావాలంటే విడిగా అడగాలి. పైగా లెక్క చూడండి. పాకలు పోయింది 2014లో. సుప్రీంకోర్టు మాట వచ్చింది 2025లో. మధ్యలో పదకొండేళ్లు.

కాబట్టి కాయితం చేతికొచ్చిన రోజే పని మొదలవ్వాలి. సర్టిఫైడ్ కాపీ తీసుకుని తాసీల్దారు ఆఫీసులో ఇచ్చి, మన కాపీ మీద తారీకుతో అందినట్టు సంతకం, స్టాంపు వేయించుకోవాలి. స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచాలి. అప్పుడు 'నాకు తెలీదు' అన్న మాట చెల్లదు. జేసీబీ వస్తే ఫోన్లో తారీకు పడేలా ఫొటోలు, వీడియోలు తియ్యాలి. ఆదేశం మీరిన రోజు నుంచి ఏడాదిలోపు ధిక్కార కేసు వెయ్యాలి. ఆ గడువు దాటితే ఎంత అన్యాయం జరిగినా ఆ దారి మూసుకుపోతాది.